నాన్న ‘పెన్ను’ అన్నారు, మేం పెన్నులే తెచ్చాం

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నకి 66 ఏళ్ళు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు బాగైంది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. కుడి చెయ్యి ఇంకా సరిగ్గా లేవదు. మాట మాత్రం రావడం లేదు. “అదే... అదే...” అంటారు, లేకపోతే ఒకదాని బదులు ఇంకొకటి అంటారు. ఏది అడిగినా “అవును” అనేస్తారు, ఒక్కోసారి తల అడ్డంగా ఊపుతూ కూడా. కానీ పొద్దున్నే దీపం దగ్గర శుక్లాంబరధరం శ్లోకం తప్పు లేకుండా చదువుతారు. అది విని మా పెదనాన్న “అంత శ్లోకం చెప్పినవాడు నీళ్ళు అడగలేడా? మొండితనం!” అంటున్నారు.

ఆయన నోరు తెరవకముందే అమ్మ అన్నీ తనే చెప్పేస్తుంది. అన్నయ్య రోజూ సాయంత్రం పలక పట్టుకుని కూర్చుని “ఇదేంటి నాన్నా? చెప్తేనే ఇస్తా” అంటాడు. పోయిన నెల ఓ రాత్రి నాన్న “పెన్ను, పెన్ను” అంటూ ఒకటే గొడవ. ఇంట్లో ఉన్న పెన్నులన్నీ తెచ్చి ముందు పెట్టాం. అన్నీ విసిరికొట్టి, కంచం తోసేసి ఏడ్చారు. తర్వాత కౌలుదారు వచ్చినప్పుడు తెలిసింది, మా రెండెకరాల కౌలు గడువు అయిపోయిందని, కాగితం మళ్ళీ రాసుకోవాలని. నాన్న చెప్పాలనుకున్నది అదే. ఆయనకి మేం చెప్పేది అర్థమవుతోందా? అమ్మ పద్ధతి మంచిదా, అన్నయ్యదా? చుట్టాలు వస కొమ్ము అరగదీసి నాకించమంటున్నారు. నాతో హైదరాబాద్ తీసుకొచ్చేసి థెరపీ చేయిస్తే మేలా?
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

అమ్మా, ముందు మీ పెదనాన్నగారి అనుమానం తీర్చేద్దాం. ఆయన మాట ఇంట్లో మిగతావాళ్ళకి కూడా ఎక్కేలోపే దాన్ని ఆపాలి.

చాలామందికి మాట్లాడడం, అర్థం చేసుకోవడం, చదవడం, రాయడం, ఈ పనులన్నీ ఎక్కువగా మెదడు ఎడమ వైపే జరుగుతాయి. శరీరం కుడి వైపుని నడిపేది కూడా ఆ ఎడమ వైపే. అందుకే కుడి చెయ్యి పడిపోయినవాళ్ళలో మాట దెబ్బ తినడం తరచుగా చూస్తాం. దీన్ని వైద్యులు అఫేజియా అంటారు. నాలుక, పెదవులు బలహీనపడి మాట ముద్దగా రావడం వేరే సమస్య. అక్కడ పదం మనసులో సిద్ధంగా ఉంటుంది, పలకడమే కష్టం. మీరు రాసినదాన్ని బట్టి మీ నాన్నగారిది పదం దొరకని ఇబ్బంది. నీళ్ళు ఏమిటో ఆయనకి తెలుసు, దాహమూ తెలుసు. “నీళ్ళు” అనే పదం అవసరమైన క్షణానికి అందదు.

మరి శ్లోకం ఎలా వస్తోంది? చిన్నప్పటినుంచి వేలసార్లు చదివిన శ్లోకం, ఒకటి నుంచి పది వరకు అంకెలు, వారాల పేర్లు, పాత పాటలు, కోపమొస్తే వచ్చే తిట్లు, ఇవన్నీ ఒక వరసలో తమంతట తామే దొర్లుకుంటూ వస్తాయి. మొదటి ముక్క పడితే చాలు, మిగతాది దాని వెంటే వచ్చేస్తుంది. “నాకు నీళ్ళు కావాలి” అనడానికి అలాంటి వరస లేదు. అప్పటికప్పుడు పదం వెతికి, పక్కన ఇంకో పదం పేర్చి, పలకాలి. ఆ పని చేసే చోటే దెబ్బ తగిలింది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు పరీక్షించిన రోగి ఏ ప్రశ్నకైనా “టాన్” అనే ముక్క ఒక్కటే జవాబుగా చెప్పేవాడు. ఎదుటివాళ్ళకి తన మాట అర్థం కాక కోపమొస్తే మాత్రం ఒక తిట్టు శుభ్రంగా వచ్చేది. మీ పెదనాన్నగారికి ఈ సంగతి చెప్పండి. చెప్పినా వినకపోతే, ఆ మాట మీ నాన్నగారి ముందు అనొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఆ “మొండితనం” అన్న మాట ఆయన చెవిన పడుతోంది.

అర్థమవుతోందా అని అడిగారు. “అన్నీ అర్థమవుతున్నాయి, చెప్పలేకపోతున్నారంతే” అని ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పుకుంటారు. అది సగం నిజం. మీరు గిన్నె చూపిస్తూ “అన్నం పెట్టనా?” అంటే ఆయన గిన్నెని చూసే జవాబిచ్చి ఉండొచ్చు. చేతిసైగ, టైము, ఎదుటివాళ్ళ ముఖం, ఇవన్నీ ఆయనకి ఆసరా. ఆ ఆసరా తీసేస్తే ఎంత మిగులుతుందో ఒక్కసారి నెమ్మదిగా చూడండి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎటూ చూడకుండా “కళ్ళు మూసుకోండి” అనండి. అది చేస్తే “కళ్ళజోడు పుస్తకం మీద పెట్టండి” అనండి. మొదటిది చేసి రెండోది తడబడితే, చిన్న మాటలు అందుతున్నాయి, పొడుగు మాటలు జారిపోతున్నాయి అని లెక్క. చాలామందిలో పరిస్థితి ఇలాగే ఉంటుంది. ఇది ఒకసారి చూసి వదిలెయ్యండి, రోజూ పరీక్ష పెట్టొద్దు. దానికి ముందు ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారో లేదో, వినికిడి మిషన్ ఉంటే అది పనిచేస్తోందో లేదో చూసుకోండి. తెలివితేటలు, జ్ఞాపకం పోలేదనడానికి ఆ పెన్నుల రాత్రే సాక్ష్యం. కౌలు గడువు ఎప్పుడు అయిపోతుందో ఇంట్లో ఇంకెవరికీ గుర్తులేనప్పుడు ఆయనకి గుర్తుంది కదా.

ఇక ముందు సరిచేసుకోవాల్సింది “అవును, కాదు”లని. ఇది కుదరకపోతే మిగతా ఏ పద్ధతీ నిలబడదు, ఎందుకంటే మీరు ఏది కనుక్కున్నా చివరికి “ఇదేనా?” అనే అడుగుతారు. జవాబు మీకు తెలిసిన ప్రశ్నలు ఆరు వెయ్యండి, సగం అవును వచ్చేవి, సగం కాదు వచ్చేవి, కలగాపులగంగా. “మన ఊరు తెనాలి దగ్గరా?” “మీరు డాక్టరా?” ఇలాగ. నోటితో అన్నీ “అవును” అనేస్తూ తల మాత్రం సరిగ్గా ఊపుతుంటే, ఇకమీదట తలనే నమ్మండి. తల కూడా తప్పుతుంటే ఒక అట్టముక్క మీద ఒక వైపు పెద్దగా టిక్కు గుర్తుతో “అవును”, ఇంకో వైపు ఇంటూ గుర్తుతో “కాదు” రాసి ముందు పెట్టి వేలితో చూపించమనండి. చూపు కూడా కుడి పక్కన తగ్గి ఉండొచ్చు, పక్షవాతంలో అది మామూలే. భోజనంలో కంచానికి కుడివైపున్నవి వదిలేస్తున్నారేమో గమనించండి. అలాగైతే కార్డుగానీ బొమ్మగానీ కాస్త ఎడమకి జరిపి, గుర్తులు పక్కపక్కన కాకుండా పైనా కిందా వచ్చేలా పెట్టండి.

ఇక్కడ మన భాషలో ఒక చిక్కుంది. మనం తరచుగా “కాఫీ తాగరా?”, “నొప్పి లేదు కదా?” అని లేదు-కాదుతో అడుగుతాం. “నొప్పి లేదు కదా?” అంటే “అవును” అన్నారనుకోండి. లేదనా, ఉందనా? మామూలు మనుషుల మధ్యే తేలదు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ రకం ప్రశ్నలు పూర్తిగా మానెయ్యండి. “నొప్పి ఉందా?” అని సూటిగా అడగండి. జవాబు మీద అనుమానమొస్తే అదే ప్రశ్న తిప్పి అడగకుండా దాని పక్కదాన్ని అడగండి. “కాఫీ కావాలా?” అంటే అవునన్నారు. “టీ కావాలా?” అంటే దానికీ అవునన్నారు. అయితే ఆ మొదటి అవునుకి విలువ లేదు, రెండూ తెచ్చి ముందు పెట్టండి. “కాఫీయా, టీయా?” అని నోటితో అడిగినప్పుడు కొందరు చివర విన్నదాన్నే తిరిగి అంటారు. వరస మార్చి “టీయా, కాఫీయా?” అని ఇంకోసారి అడిగితే అది బయటపడుతుంది.

ప్రశ్న చిన్నగా ఉండాలని అందరూ చెబుతారు, ఎలా చిన్నగా చెయ్యాలో చెప్పరు. తెలుగులో అసలు పని చెప్పే మాట వాక్యం చివర్లో వస్తుంది. “రేపు అన్నయ్య గుంటూరు వెళ్ళి, డాక్టరుగారిని కలిసి, రిపోర్టులు చూపించి, మందులు తెస్తాడు, నువ్వు కూడా వెళ్తావా?” అన్నామంటే, ఆయన చివరిదాకా అన్నీ మోసుకుంటూ రావాలి. అక్కడికి చేరేసరికి మొదటివి జారిపోతాయి. దీన్ని ముక్కలు చెయ్యండి. “డాక్టరు సంగతి.” ఆగండి, ఆయన మీ వైపు చూసేదాకా. “రేపు. గుంటూరు.” ఆగండి. “నువ్వు వస్తావా?” ముందు సంగతి పేరు, తర్వాత వివరం, చివర ఒక్క ప్రశ్న. ముఖ్యమైన పదం పలికేటప్పుడే దాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయండి. మాట గాలిలో పోతుంది, కాగితం మీది పదం ఆయన మళ్ళీ చూసుకోవడానికి అక్కడే ఉంటుంది. గొంతు మాత్రం పెద్దవాళ్ళతో మాట్లాడే మామూలు గొంతే ఉండాలి. గట్టిగా అరవడం, పసిపిల్లలతో మాట్లాడినట్టు సాగదీయడం రెండూ వద్దు. టీవీ ఆపండి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అందుకోవద్దు.

అడిగాక ఆగడం, అన్నిటికంటే ఇదే కష్టం. మనసులో పది లెక్కపెట్టండి. మనకి ఆ పది అంకెలూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి. మూడు దగ్గరే ఇంకో ప్రశ్న వేస్తాం, అప్పటిదాకా ఆయన కూడదీసుకున్నది చెదిరిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. అదే ప్రశ్నని వేరే మాటల్లో అడిగినా ఆయనకి అది కొత్త ప్రశ్న కిందే లెక్క.

ఇప్పుడు ఆ పెన్నుల రాత్రికి వద్దాం. ఆయన తప్పు పదం అన్నారు, నిజమే. కానీ ఆ తప్పు ఎంత దగ్గరి తప్పో చూడండి. కాగితం, సంతకం, రాత, పెన్ను, ఇవన్నీ మనసులో ఒకే వాడలో ఉండే పదాలు. ఆయన సరైన వీధికే వచ్చి పక్కింటి తలుపు తట్టారు. అందుకని వచ్చిన పదాన్ని వస్తువు పేరుగా తీసుకోకుండా, ఏ వీధిలో వెతకాలో చెప్పే గుర్తుగా తీసుకోవాలి. మొదటి పెన్ను తోసేసినప్పుడే “పెన్ను కాదన్నమాట. కానీ పెన్నుకి సంబంధించింది” అని ఆయనతో పైకే అనాల్సింది. ఆ ఒక్క మాటతో సగం కోపం దిగిపోయేది. “మీరేం చెప్పాలనుకుంటున్నారో మీకు తెలుసని నాకు తెలుసు” అని కూడా అనండి. కెనడాలో ఆరా కేగన్ అనే స్పీచ్ థెరపిస్టు అఫేజియా ఉన్నవాళ్ళ కుటుంబాలకి, వలంటీర్లకి నేర్పించే పద్ధతిలో మొట్టమొదట నేర్పేది ఈ మాట అనడమే.

తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని మూడు పదాలు ఒకదాని కింద ఒకటి రాయండి: మనిషి, వస్తువు, పని. నాలుగోదిగా ఒక ప్రశ్నార్థకం గీసి “ఇవేవీ కాదు” అని చెప్పండి. ఆ నాలుగోది లేకపోతే ఆయన ఇష్టం లేకపోయినా ఏదో ఒకటి చూపించాల్సి వస్తుంది. ఆ రాత్రి ఆయన బహుశా “పని” మీద వేలు పెట్టేవారు. “సరే, పని.” కొత్త కాగితం: ఇల్లు, పొలం, బ్యాంకు, ప్రశ్నార్థకం. “పొలం” చూపిస్తారు. “పొలం. పెన్ను. రాయడమా?” అవును. కొత్త కాగితం: కౌలు, అమ్మకం, అప్పు, ప్రశ్నార్థకం. “కౌలు.” చివరగా మొత్తం ఒకసారి తిరిగి చెప్పాలి: “పొలం కౌలు కాగితం రాయాలి. అదేనా?” ఈ చివరి మెట్టు ఎగ్గొట్టొద్దు, మనం సగం కనిపెట్టి మిగతా సగం కల్పించుకునేది ఇక్కడే. ఇదంతా అయిదు పది నిమిషాల పని. కుదరకపోయే రోజులూ ఉంటాయి. అప్పుడు “ఇవాళ నాకు అందడం లేదు. రేపు పొద్దున్న మళ్ళీ చూద్దాం” అని కాగితం మీద రాసి, గోడకి అంటించి, పొద్దున్న మర్చిపోకుండా మీరే మొదలుపెట్టాలి. సాయంత్రానికి ఆయన అలిసిపోయి ఉంటారు కాబట్టి ముఖ్యమైన సంగతులు పొద్దున్న మాట్లాడుకుంటేనే మంచిది.

పై తంతు అంతా ఆయన మనసులో ఏముందో మీకు తెలియనప్పుడు. తెలిసినప్పుడు, అంటే ఆయన చెంబు వైపు చెయ్యి చాపి “అదే... అదే” అంటున్నప్పుడు, పదం అందించే దారి వేరు. ముందు ఆగాలి. రాకపోతే “సాయం చెయ్యనా?” అని అడగాలి. ఆయన ఎడమ అరచెయ్యి ఎత్తితే “ఆగు, నేనే చెప్తా” అని అర్థం, ఈ సైగ ఇంట్లో అందరూ ఒప్పుకుని పెట్టుకోండి. సాయం కావాలంటే మొదట అర్థం గుర్తుచెయ్యండి: “దాహమేస్తే తాగేది.” రాకపోతే అలవాటైన వాక్యం సగంలో ఆపండి: “బిందెలో మంచి...” అప్పటికీ రాకపోతే మీ పెదవులు ఆయనకి కనపడేలా కూర్చుని మొదటి అక్షరం మాత్రం అందించండి: “నీ...” చాలాసార్లు పదం ఇక్కడ వచ్చేస్తుంది. కొందరికి అక్షరం వినడంకంటే రాసి చూపిస్తే త్వరగా వస్తుంది. ఇదీ కాకపోతే పదం మీరే చెప్పండి, “నీళ్ళు”. ఆయన మీతోపాటు అంటే అన్నారు, లేకపోతే లేదు. నీళ్ళు మాత్రం వెంటనే ఇవ్వండి. “చెప్తేనే ఇస్తా” అనేది ఈ రోజుతో ఆగిపోవాలి, ఇందులో రెండో ఆలోచన లేదు. ఆయన పదం చెప్పకపోవడం పంతం వల్ల కాదు కదా, పంతం విరిస్తే రావడానికి.

ఏ మెట్టు దగ్గర పదం వస్తోందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ నెల మొదటి అక్షరం ఇస్తేగానీ రాని “నీళ్ళు” వచ్చే నెల వాక్యం సగంలో ఆపితే వస్తుంటే, అది మెరుగే. బయటికి తేడా తెలియదు గానీ పుస్తకంలో తెలుస్తుంది, థెరపిస్టుకి కూడా చాలా పనికొస్తుంది. ఒక పదం తర్వాత ఇంకో పదం అడిగినా ఆ పాతదే నోట్లో ఇరుక్కుని మళ్ళీ మళ్ళీ వస్తుంటే మాత్రం అక్కడితో ఆపండి. ఓ రెండు నిమిషాలు వేరే ఏదైనా చేసి, తర్వాత మొదలుపెట్టండి. తోసేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటుంది.

అమ్మగారు, అన్నయ్యగారు, ఇద్దరిలో ఎవరిది సరైన పద్ధతి? అమ్మగారి పద్ధతిలో ఇల్లు సాఫీగా నడుస్తుంది, ఆయనకి కోపమూ తక్కువ. కానీ అన్నీ ఎవరో చెప్పేస్తుంటే ప్రయత్నించాల్సిన అవసరం పోతుంది, కొన్నాళ్ళకి ఆయన నోరు తెరవడమే తగ్గిస్తారు. పైగా అమ్మగారు చెప్పింది తప్పయినా ఆయన కాదనలేరు. డాక్టరు దగ్గర, బ్యాంకులో, వెనకాల జనం నిలబడినచోట అమ్మగారే మాట్లాడడం అవసరం. అక్కడ కూడా ఆయన వైపు తిరిగి “నేను చెప్పనా?” అని అడిగి, చెప్పాక “సరిగ్గానే చెప్పానా?” అంటే చాలు. అన్నయ్యగారిలో పట్టుదల ఉంది, అది వృథా కాకూడదు. కానీ వేలమంది పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్న మాస్టారిని పలక ముందు కూర్చోబెట్టి, జవాబు తనకే తెలిసిన ప్రశ్న అడిగితే ఆయనకి ఎలా ఉంటుంది? అ ఆలు ఇంకో కారణానికి కూడా పనికిరావు. అక్షరాలూ భాషలో భాగమే, మాట దెబ్బతిన్నచోట చాలాసార్లు అవి కూడా కొంత దెబ్బతింటాయి. అందుకే “నోటితో రాకపోతే రాసి చూపించు” అని పలకో ఫోనో ఇచ్చినా చాలాసార్లు ఫలితం ఉండదు. ఎడమ చేత్తో రాయడం రాదేమో అనుకుంటాం, అసలు అడ్డంకి చెయ్యి కాదు.

నా సలహా, మాట్లాడే సమయాన్ని, సాధన చేసే సమయాన్ని విడగొట్టండి. మాట్లాడేటప్పుడు సంగతి తెలియడమే ముఖ్యం. సైగ, బొమ్మ, సగం మాట, ఏదైనా సరే, అర్థమైతే దిద్దొద్దు. మనవరాలిని చూపించి మనవడి పేరు అన్నా, ఎవరిని అంటున్నారో తెలిస్తే చాలు. సాధన పొద్దున్న పావుగంట, సాయంత్రం పావుగంట, ఆయన ఒప్పుకున్నప్పుడే. పదాలు ఆయన ఎంచుకోవాలి. ఒక పది చాలు, అవి బళ్ళో పటాల్లోని బాతు, జామకాయ కాకూడదు. ఇంట్లో మనుషుల పేర్లు, కాఫీ, పొలం, కౌలుదారు పేరు, నొప్పి, బాత్రూం, పేపరు, ఇలా రోజూ అవసరపడేవి. ఫోనులో ఆ మనుషుల, ఆ చోట్ల ఫొటోలు తీసి ఒక ఆల్బమ్ చెయ్యండి. అన్నయ్యగారు ఆ ఫొటో చూపించి, నేను చెప్పిన మెట్లు ఒక్కొక్కటే ఎక్కిస్తే ఆయన శ్రమకి ఫలితం ఉంటుంది. నాన్నగారికి లెక్కల మీద పట్టు ఎంత మిగిలిందో చూసి, మనవడి హోంవర్కు దిద్దే పని అప్పజెప్పినా బాగుంటుంది. కొందరికి అంకెలు కూడా తడబడతాయి కాబట్టి ముందు చిన్న కూడికలతో చూడండి. శ్లోకం చదవనివ్వండి, కావాలంటే చివరి మాట వదిలి ఆయన్ని పూర్తిచెయ్యమనండి. గొంతు విప్పడానికి, మనసుకి అది మంచిదే. శ్లోకం వస్తోంది కాబట్టి మాటా వచ్చేస్తుందని మాత్రం లెక్కలు వేసుకోవద్దు.

హైదరాబాద్ విషయం. థెరపీ అవసరం, అందులో సందేహం లేదు. మాట తొలి మూడు నెలల్లో వేగంగా మెరుగవుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కానీ తలుపు మూసుకోదు, సంవత్సరాల తర్వాత కూడా సాధనతో మెరుగైనవాళ్ళు ఉన్నారు. ఏడు నెలలు దాటాయని ఆశ వదలక్కర్లేదు. మీ దగ్గరికి తెచ్చుకుంటే వారానికి నాలుగైదు రోజులు థెరపీకి తీసుకెళ్ళే వీలుంటుంది. మాట, వినికిడి ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. కానీ ఇలా తెచ్చుకోవడంలో ఆయన పోగొట్టుకునేది కూడా ఒకటుంది. అపార్ట్‌మెంట్లో మీరు ఆఫీసుకెళ్ళాక ఆయనకి మాట్లాడే మనిషి ఉండరు. ఊళ్ళో వీధి అరుగు మీద పలకరించే పదిమందితో పడే ప్రయత్నం కూడా సాధనే. ఆయన ఊళ్ళోనే ఉంటే గుంటూరులోనో విజయవాడలోనో స్పీచ్ థెరపిస్టుని వారానికోసారి కలిసి, మిగతా రోజులు వాళ్ళు చెప్పింది ఇంట్లో చెయ్యొచ్చు. మధ్యలో వీడియో కాల్ థెరపీ కూడా దొరుకుతుంది, పక్కన ఒకరు కూర్చుని ఫోను పట్టుకోవాలి. మూడో దారి, ఓ నెల రెండు నెలలు హైదరాబాద్‌లో గట్టిగా చేయించి, అన్నయ్యగారిని కూడా రెండు మూడు సెషన్లలో కూర్చోబెట్టి, తర్వాత ఊరికి పంపడం. నాకు ఇదే మొగ్గు. అయినా ముందు కాగితం మీద “తెనాలి, హైదరాబాద్, ప్రశ్నార్థకం” రాసి ఆయన్నే అడగండి. ఎక్కడికెళ్ళినా ఆ థెరపిస్టుకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. “నెలలో మాట తెప్పిస్తాం” అన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు.

వస కొమ్ము వద్దు. పసిపిల్లలకి మాటలు రావాలని నాకించడం మన ఇళ్ళలో ఉన్నదే, కానీ పక్షవాతంతో మెదడులో చెడిన భాగాన్ని అది బాగుచెయ్యదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో మింగడం కూడా దెబ్బతిని ఉండొచ్చు. మంచినీళ్ళు తాగుతుంటే పొలమారుతోందా, తాగాక గొంతు తడి తడిగా గరగరమంటోందా చూడండి. అలా ఉంటే పక్షవాతం చూసే డాక్టరుకి, స్పీచ్ థెరపిస్టుకి చెప్పండి, మింగడాన్ని పరీక్షించేది కూడా ఈ థెరపిస్టులే.

కౌలు కాగితం విషయం ఇంకా తేలకపోతే, చుట్టాల్లో ఎవరో ఒకరు “ఇక అన్నీ కొడుకు పేర పెట్టించెయ్యండి” అంటారు. మాట రానంత మాత్రాన నిర్ణయం చేసే శక్తి పోయినట్టు కాదు. ఎకరాకి ఎంత, ఎన్నేళ్ళు, ఎవరికి, ఒక్కోటి ఒక్కో కాగితం మీద రాసి అడగండి. మర్నాడు వరస మార్చి మళ్ళీ అడగండి. రెండు రోజులూ ఒకే జవాబు వస్తే అది ఆయన నిర్ణయమే. ఎడమ చేత్తో సంతకం కుదరకపోతే వేలిముద్ర ఉంది.

ఆ రాత్రి ఏడుపు అర్థం చేసుకోదగ్గదే. అది ఒక్క రాత్రితో పోకుండా రెండు వారాలుగా ముభావంగా ఉండడం, తిండి, నిద్ర తగ్గడం, మనవల్ని కూడా దగ్గరికి రానివ్వకపోవడం కనిపిస్తే, పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది, దానికి మందులున్నాయి, న్యూరాలజిస్టుకి చెప్పండి. తన బాధ నోటితో చెప్పలేరు కాబట్టి మీరే గమనించి చెప్పాలి. ఇంకొకటి, ఇప్పుడొస్తున్న మాట ఉన్నట్టుండి తగ్గిపోయినా, మూతి ఒక పక్కకి జారినా, చెయ్యి ఇంకా బలహీనపడినా “రోజూ ఉండేదే” అనుకుని పొద్దుటిదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి, ఎప్పుడు మొదలైందో టైము రాసుకోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి 4.5 గంటల్లోపే ఇస్తారు. బీపీ, షుగరు, రక్తం పలచబడే మాత్ర, వీటిలో డాక్టరు ఆయనకి ఏవి రాశారో అవి ఏ రోజూ మానకుండా చూసే బాధ్యత మీ ముగ్గురిలో ఒకరు తీసుకోండి. ఆయనకి మాత్ర అయిపోయిందని చెప్పడం కూడా ఇప్పుడు కష్టమే.